ఐజెస్ ఫైల్ సాలిడ్ అవ్వట్లేదు: గ్యాప్‌లు, ట్రిమ్ పోయిన ఫేస్, ఎక్కడి నుంచి మొదలెట్టాలి?

ప్రదీప్_బాలానగర్

అందరికీ నమస్తే. సాలిడ్‌వర్క్స్‌లో ఒక ఇంపోర్ట్ పని పట్టుకున్నా, తెగట్లేదు. తోటకి నీళ్లు కొట్టే స్ప్రే గన్ ఉంటది కదా, దాని ట్రిగ్గర్ మీద వచ్చే కవర్. పొడవు సుమారు 180 ఎంఎం, మెటీరియల్ పీపీ. పార్టీ అమెరికా వాళ్లు, మధ్యలో ఏజెంట్. ఒక్క ఐజెస్ ఫైల్ చేతిలో పెట్టి, బయటి స్కిన్ ఇదే, లోపల గోడ మందం 2.5 మీరే వేసుకోండి అన్నారు. అంటే నాకు ముందు సాలిడ్ కావాలి, తర్వాత షెల్, ఆ తర్వాత రిబ్బులు, బాసులు, కోర్ క్యావిటీ.

ఫైల్ తెరిస్తే సాలిడ్ రాలేదు, ట్రీలో అన్నీ విడివిడి సర్ఫేస్ బాడీలే. Import Diagnostics పెట్టి `Attempt to Heal All` కొట్టా, చాలావరకు సర్దుకున్నాయి గానీ మూడు రకాల తలనొప్పి మిగిలింది. ఒకటి, ఫిల్లెట్‌లకీ పక్క ఫేస్‌లకీ మధ్య సన్నటి గ్యాప్‌లు, కొలిస్తే 0.02 అటూ ఇటూ, ముక్కు దగ్గర మాత్రం 0.07 దాకా ఉంది. రెండు, అదే ముక్కు దగ్గర మూడు మూలల చిన్న ఫేస్ ఒకటి ఎర్రగానే ఉండిపోయింది. మూడోది అన్నిటికన్నా చిరాకు, ట్రిగ్గర్ స్లాట్ ఉన్న పక్క ఫేస్‌కి ట్రిమ్మే పోయింది, స్లాట్ కనపడాల్సిన చోట కప్పేసి, అంచుల బయటకి కూడా రేకులా పొడుచుకొచ్చింది. దాన్ని స్లాట్ గోడలతో Trim Surface చేద్దామంటే ఎర్రర్ ఇస్తోంది.

ఎక్కడ మొదలెట్టాలి?

వెంకట్_టూల్‌రూమ్

బ్రో దీనికింత టెన్షన్ ఎందుకు. Knit Surface తీసుకో, అన్నీ సెలెక్ట్ చెయ్, `Create solid` టిక్ పెట్టు, టాలరెన్స్ 0.1 చేసి పడెయ్. నీ గ్యాప్ పెద్దది 0.07 అంటున్నావ్ కదా, అన్నీ మూసుకుపోతాయి. ట్రిమ్ పోయిన ఫేస్ డిలీట్ చేసి Filled Surface కొట్టు. మా దగ్గర రోజూ ఇదే చేస్తాం, అరగంట పని.

ప్రింట్_నాని

ఫైల్‌ని మెష్ రిపేర్ సాఫ్ట్‌వేర్‌లో వేసి ఆటో రిపేర్ కొడితే హోల్స్ అన్నీ తనే మూసేస్తది అన్నా, నేను ప్రింట్ చేసే ముందు ప్రతి ఎస్‌టీఎల్‌కీ అదే చేస్తా. వాటర్‌టైట్ అని చూపిస్తే చాలు, స్లైసర్ తీసుకుంటది.

ప్రదీప్_బాలానగర్

@ప్రింట్_నాని తమ్ముడూ ఇది ఎస్‌టీఎల్ కాదు, మౌల్డ్‌కి. త్రికోణాల మెష్ అయిపోతే దాని మీద ఫిల్లెట్ వెయ్యలేం, డ్రాఫ్ట్ చూడలేం. నాకు సర్ఫేస్‌లు సర్ఫేస్‌లుగానే కావాలి.

@వెంకట్_టూల్‌రూమ్ నువ్వు చెప్పినట్టే చేసి చూశా బ్రో. సాలిడ్ అయితే వచ్చింది! కానీ షెల్ 2.5 వేస్తే ఫెయిల్. 1.5 వేస్తే వస్తోంది, 2 దాటితే రావట్లేదు. ఇంకోటి, స్లాట్ పక్క ఫేస్‌ని Filled Surface‌తో నింపితే వెలుతురు పడే తీరు మారిపోయింది, మధ్యలో కొంచెం ఉబ్బినట్టుంది.

సూరిబాబు

ప్రదీప్ గారూ, ఆ 0.1 నిట్ చేసిన బాడీని పక్కన పెట్టండి, దాని మీద ఇంకేం కట్టొద్దు. ఎందుకో చెప్తా.

టాలరెన్స్ పెంచి నిట్ చేస్తే సర్ఫేస్‌లు దగ్గరికి జరుగుతాయని చాలామంది అనుకుంటారు. అవి జరగవండి. రెండు ఫేస్‌లూ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, సాఫ్ట్‌వేర్ ఏం చేస్తదంటే ఇక్కడి ఎడ్జ్ కొంచెం లావుగా ఉంది, 0.07 లోపల ఏదున్నా కలిసినట్టే లెక్క అని రాసుకుంటది. బొమ్మ మీద ఏమీ తెలీదు, సాలిడ్ అని కూడా అంటది. ఆ బాడీ మీద `Tools > Evaluate > Check` పెట్టి `Maximum edge gap` టిక్ చేసి చూడండి, మీ 0.07 అక్కడే కూర్చుని ఉంటది. సాలిడ్‌వర్క్స్ కింద నడిచే పారాసాలిడ్ మామూలుగా లెక్క వేసేది మీటర్‌లో 1e-8, అంటే ఎంఎంలో 0.00001 దగ్గర. దానిముందు 0.07 ఎంత పెద్దదో చూడండి. షెల్ వేసేటప్పుడు ప్రతి ఫేస్‌నీ ఆఫ్‌సెట్ చేసి, పక్కదానితో మళ్లీ ఖండించి, కొత్త ఎడ్జ్ పుట్టించాలి. అసలు ఎడ్జే సరిగ్గా కలవని చోట ఆఫ్‌సెట్ చేసినవి ఎక్కడ కలవాలి?

ఇదొక్కటే కారణం కాకపోవచ్చు కూడా. మీ బయటి ఫిల్లెట్ రేడియస్ ఎంతో కొలిచారా? 1.5కి వచ్చి 2 దాటితే రావట్లేదంటే నాకు అనుమానం అక్కడే.

రమ్య_రైనో

సూరిబాబు గారు చెప్పింది రైనోలో ఇంకా బాగా తెలుస్తది. `ShowEdges` పెట్టి నేకెడ్ ఎడ్జెస్ చూస్తే ఎక్కడ తెరుచుకుని ఉందో రంగులో కనిపిస్తది. `JoinEdge` అని ఒకటుంది, గ్యాప్ ఎంతున్నా ఒప్పుకుని కలిపేస్తది, కానీ సర్ఫేస్‌ని ఇంచు కూడా కదపదు. నగల డిజైన్‌లో కొత్తవాళ్లు అలా కలిపేసి స్టెప్ ఎక్స్‌పోర్ట్ చేసి పంపిస్తారు, అవతలి వాళ్లు తెరిచేసరికి మళ్లీ ఊడిపోయి ఉంటది, ఫైల్ కరప్ట్ అయిందని ఫోన్లు.

ప్రదీప్, ముందు ఒక మాట. ఏజెంట్‌ని స్టెప్ గానీ పారాసాలిడ్ గానీ అడిగావా? సగం రోగం అక్కడే పోతది.

ప్రదీప్_బాలానగర్

అడిగా మేడమ్. అసలు డిజైన్ చేసినాయన ఇప్పుడు వాళ్ల దగ్గర లేడంట, ఇదే ఉంది అన్నారు. నేనడిగాక ఈ ఐజెస్‌ని స్టెప్‌గా సేవ్ చేసి పంపించారు కూడా, అదీ ఇదే, గ్యాప్‌లతో సహా.

సూరిబాబు గారూ, ఫిల్లెట్ కొలవబోతే రేడియస్ చూపించట్లేదు, స్ప్లైన్ ఫేస్ లాగా వచ్చింది.

సూరిబాబు

ఐజెస్‌లో చాలాసార్లు అంతేనండి, ఫిల్లెట్ ఫిల్లెట్‌గా రాదు, బీ-స్ప్లైన్ రేకుగా వస్తది. కొలవడానికి తేలిక దారి, ఫిల్లెట్ పోయే దిశకి నిలువుగా ఒక ప్లేన్ పెట్టి, ఆ ప్లేన్ మీద స్కెచ్‌లో `Intersection Curve` తీసి, వచ్చిన వంపు మీద మూడు పాయింట్ల ఆర్క్ వేసి డైమెన్షన్ ఇవ్వండి. రెండు మూడు చోట్ల చేయండి, ఒకే రేడియస్సా, మారుతోందా తెలిసిపోతది.

ఇంకో పని, ఆ ఐజెస్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. వరస చివర G అక్షరం ఉండే లైన్లు పైన నాలుగైదు ఉంటాయి, అవి ఇక్కడ పెట్టండి. కంపెనీ పేరు, మనిషి పేరు ఉంటే తీసేసి పెట్టండి.

ప్రదీప్_బాలానగర్

ఫిల్లెట్ మూడు చోట్ల చూశా, రెండు చోట్ల 2.0 దగ్గరగా వచ్చింది, ముక్కు దగ్గరికి వెళ్లేకొద్దీ పెరుగుతోంది, 3 దాటింది.

G లైన్లలో పేర్లు లేనిది ఇదొక్కటి:

```
1.,1,4HINCH,1,0.01,15H20240311.101522,0.001,7.5,                        G      3
```

సూరిబాబు

దొరికింది. `1,4HINCH` అంటే అంగుళాల్లో గీసిన మోడల్. తేదీ తర్వాత ఉన్న 0.001 ఉంది చూశారా, ఇంతకన్నా దగ్గరగా ఉన్న రెండు పాయింట్లు ఒకటే అనుకోండి అని పంపినవాళ్ల సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క అది. అంగుళంలో 0.001 అంటే మనకి 0.0254 ఎంఎం. మీ గ్యాప్‌లు 0.02 చుట్టూ ఉండటం అందుకే. వాళ్ల వైపు మోడల్ మూసుకుని ఉన్నట్టే, మన వైపు తెరుచుకుని ఉన్నట్టు. ముక్కు దగ్గర 0.07 మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది అక్కడ నిజంగానే తప్పు.

ఇక షెల్ సంగతి. బయట ఉబ్బుగా ఉన్న R2 ఫిల్లెట్‌ని లోపలికి 2.5 జరిపితే రేడియస్ సున్నా దాటి తిరగబడిపోతది. సాలిడ్‌వర్క్స్ తనే వేసిన ఫిల్లెట్ అయితే ఆ ఫేస్‌ని మింగేసి పక్క ఫేస్‌లని కలిపేసేది చాలాసార్లు, కానీ బీ-స్ప్లైన్ రేకు అయితే తనకి అది ఫిల్లెట్ అని తెలీదు, మెలిపడిన ఆఫ్‌సెట్ చూసి చేతులెత్తేస్తది. అందుకే 2 దగ్గర ఆగిపోతోంది. అంటే మీరు గ్యాప్‌లన్నీ ఎంత అందంగా మూసినా ఆ ఫిల్లెట్ ఫేస్‌లు ఉన్నంతవరకు 2.5 షెల్ పడదు.

కాబట్టి నా సలహా, గ్యాప్ పూడ్చడం మానేయండి. గ్యాప్‌లు ఎక్కడున్నాయి? ఫిల్లెట్ అంచుల్లో. షెల్‌ని ఆపుతున్నది ఎవరు? ఫిల్లెట్‌లే. ఆ ఫేస్‌లు తీసి పారేసి, అటూ ఇటూ ఉన్న పెద్ద ఫేస్‌లని పొడిగించి పదునైన మూలగా ఖండించుకుని, ఫిల్లెట్ మనమే వేసుకోవడం. రాత్రికి వివరంగా రాస్తా, షాప్‌లో ఉన్నా.

వెంకట్_టూల్‌రూమ్

అన్నా గట్లయితే పార్ట్ మొత్తం మళ్లా గీసినట్టే కదా. 0.1 పెట్టి నేను చేసిన జాబ్‌లు ఎన్నో మెషిన్ ఎక్కినయ్, మౌల్డ్ నడుస్తున్నది, ఎవ్వరు ఏమనలే.

లత_క్యామ్

వెంకట్ అనేది పూర్తిగా కొట్టిపారేయలేం. నేను ప్రోగ్రామింగ్ వైపు నుంచి చెప్తున్నా. 0.02 గ్యాప్ మీద 6 ఎంఎం బాల్ నోస్ వెళ్తే దానికి ఆ గ్యాప్ ఉందనే తెలీదు, టూల్‌పాత్ టాలరెన్సే మేం 0.01 దగ్గర పెడతాం. క్యావిటీ మాత్రం కొట్టాలంటే సాలిడ్ కూడా అక్కర్లేదు, సర్ఫేస్‌లు అలాగే ఇచ్చేయండి, తీసుకుంటా. అతని జాబ్‌లు నడిచాయంటే బహుశా అలాంటివే అయ్యుంటాయి.

మాకు తలనొప్పి వచ్చేది వేరే చోట. పెన్సిల్ పాస్‌కి మూల వెతికేటప్పుడు సన్నటి పీలిక ఫేస్‌లు ఉంటే టూల్ మధ్యలో లేచి మళ్లీ దిగుతది, అక్కడ గీత పడుతుంది. ఇంకోటి పార్టింగ్ లైన్. అక్కడ ఎడ్జ్ రెండుగా చీలి ఉంటే కోర్, క్యావిటీ విడదీసేటప్పుడు లైన్ తెగిపోతది. ప్రదీప్‌కి షెల్ కూడా కావాలి కాబట్టి సూరిబాబు గారి దారే.

కిరణ్_పుణె

మా దగ్గర కాటియా. Join లో `Merging distance` డిఫాల్ట్ 0.001 ఉంటది, మా లీడ్ దాన్ని ముట్టుకుంటే ఒప్పుకోడు. గ్యాప్ ఉంటే Healing వాడతాం, అది నిజంగానే సర్ఫేస్‌ని కొంచెం వంచి కలుపుతది. కానీ దాంతో వేరే గొడవ, ఒకసారి హెడ్‌ల్యాంప్ చుట్టూ వచ్చే బెజెల్‌కి హీలింగ్ చేశాం, బయటి ఫేస్ ఎంత కదిలిందో చూపించమన్నాడు కస్టమర్, చూపించాం, స్టైలింగ్ వాళ్ల ఫేస్‌ని మీరెలా ముట్టుకుంటారని మొత్తం వెనక్కి పంపాడు. అప్పటి నుంచి ఏ ఫేస్ ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అని ముందే మెయిల్‌లో రాయించుకుంటున్నాం. సాలిడ్‌వర్క్స్‌లో హీల్ ఆల్ కొట్టినా ఫేస్ మారొచ్చు కదా, ఎంత మారిందో తెలిసే దారి ఉందా?

సూరిబాబు

రాస్తానన్నది రాస్తున్నా, కొంచెం పొడుగు.

ముందు ఫైల్ మళ్లీ ఫ్రెష్‌గా తెరవండి. తర్వాత అదే ఐజెస్‌ని `Insert > Features > Imported`తో ఇదే పార్ట్‌లోకి రెండోసారి తెచ్చి, దానికి ఏ రిపేరూ చెయ్యకుండా `Original` అని ఫోల్డర్‌లో దాచి హైడ్ చేయండి, చివర్లో పోల్చుకోడానికి అదే ఆధారం. కిరణ్ గారి ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు కూడా ఇదే, రెండూ ఒకే పార్ట్‌లో పెట్టి సెక్షన్ తీసి కొలుచుకోవడం. అలా రెండోసారి తెచ్చే ముందే మొదటిదాని మీద Import Diagnostics పని ముగించుకోండి, ఇంపోర్ట్ తర్వాత ట్రీలో ఒక్క ఫీచర్ చేరినా అది గ్రే అయిపోతది. మరీ హీల్ ఆల్ కాకుండా ఫేస్ ఫేస్‌కీ రైట్ క్లిక్ చేసి రిపేర్ చేయడం మేలు, ఏది కదిలిందో మీకు తెలుస్తది.

తర్వాత Knit Surface. ఇక్కడ `Create solid` పెట్టొద్దు, టాలరెన్స్ ఎంత తక్కువ ఒప్పుకుంటే అంత తక్కువ పెట్టండి. ఎర్ర ఫేస్, ట్రిమ్ పోయిన ఫేస్ రెండూ సెలెక్షన్‌లోకి తేవద్దు. కలిసేవి కలుస్తాయి, కలవనివి విడిగానే ఉంటాయి, అదే మనకి కావాల్సింది. ఆప్షన్స్‌లో తెరిచిన ఎడ్జ్‌లని వేరే రంగులో చూపించేది ఆన్ చేసుకుంటే నీలం గీతలు కనపడతాయి. అవి తప్పు ఉన్న చోట మాత్రమే మిగలాలి. ఎక్కడ పడితే అక్కడ నీలం ఉంటే టాలరెన్స్ మరీ బిగించారని, ఎక్కడా లేకపోతే మరీ వదిలేశారని అర్థం.

ఇప్పుడు ఫిల్లెట్‌లు. Delete Face తీసుకుని వరసగా ఉన్న R2 ఫిల్లెట్ ఫేస్‌లు సెలెక్ట్ చేసి ముందు `Delete and Patch` ఒకసారి ప్రయత్నించండి. అటూ ఇటూ ఫేస్‌లని తనే పొడిగించి కలుపుతది. వస్తే పండగే. మీ దాంట్లో ముక్కు దగ్గర రేడియస్ మారుతోంది కాబట్టి ఆ చివర ఫెయిల్ కావొచ్చు, అప్పుడు ఉత్త `Delete` పెట్టి తీసేయండి. తీశాక పైఫేస్, పక్కఫేస్ మధ్య ఖాళీ వస్తది. రెండింటికీ Extend Surface వేయండి, రకం `Same surface`, దూరం 3 ఎంఎం చాలు. R2 ఫిల్లెట్ తీసిన దగ్గర రెండు ఫేస్‌లూ తొంభై డిగ్రీలకి దగ్గరగా కలుస్తుంటే అసలు మూల 2 ఎంఎం దూరంలోనే ఉంటది, పైన ఒక ఎంఎం దాటించడానికి. పది, పదిహేను పెట్టకండి. స్ప్లైన్ ఫేస్‌ని దాని హద్దు దాటించి ఎక్కువ లాగితే చివర వంకర తిరిగిపోతది, అక్కడ ఖండిస్తే మూల గీతే అలలు అలలుగా వస్తది. పొడిగించాక Trim Surface లో `Mutual trim`, రెండూ సెలెక్ట్ చేసి, ఉంచాల్సిన ముక్కలు ఎంచుకోండి. ఇప్పుడు వచ్చే ఎడ్జ్ రెండు సర్ఫేస్‌ల నిజమైన ఖండన, గ్యాప్ అనే మాటే ఉండదు.

ఇక ట్రిమ్ పోయిన ఫేస్. ఐజెస్‌లో ట్రిమ్ చేసిన ఫేస్ అంటే కింద ఒక పెద్ద రేకు, దాని మీద అంచు గీతలు. అంచు గీత రెండు రకాలుగా రాసుంటది, ఒకటి రేకు తాలూకు సొంత కొలతల్లో, ఒకటి మామూలు త్రీడీలో. ఆ రెండూ పొంతన లేకుండా ఉన్నా, గీత చివరలు మూసుకోకపోయినా చదివే సాఫ్ట్‌వేర్ గీతని వదిలేసి రేకు మాత్రం చూపిస్తది. అంటే మీ ఫేస్ పాడవలేదు, రేకు బంగారంలా ఉంది, అంచే పోయింది. దాన్ని డిలీట్ చేసి Filled Surface వేయడం అంటే మంచి రేకుని పారేసి దాని చుట్టుపక్కల నుంచి ఊహించి కొత్తది పుట్టించడం, అందుకే మీకు ఉబ్బు వచ్చింది.

స్లాట్ గోడలతో ట్రిమ్ ఎందుకు అవ్వట్లేదంటే గోడల అంచు ఆ రేకు మీదే ఆగిపోయింది, ఇంకా చెప్పాలంటే 0.02 ముందే ఆగిపోయింది. కత్తి అవతలికి దిగాలి కదా, తాకితే సరిపోదు. గోడలన్నీ నిట్ అయ్యి ఒక గొట్టంలా ఉంటే దాని తెరిచిన అంచు మొత్తాన్ని సెలెక్ట్ చేసి బయటికి 2 ఎంఎం పొడిగించండి, `Same surface`. అప్పుడు రేకు, గొట్టం రెండింటినీ మ్యూచువల్ ట్రిమ్. కొంతమంది అంచుని రేకు మీదికి ప్రొజెక్ట్ చేసి ఆ గీతతో కోస్తారు, ట్రిమ్ అవుతది గానీ గోడకీ రేకుకీ మధ్య ఆ 0.02 అలాగే ఉండిపోతది. బయటి అంచులకీ ఇదే పద్ధతి.

ముక్కు మూల రేపు.

ప్రదీప్_బాలానగర్

సూరిబాబు గారూ దండం అండి. కూర్చుని చేశా. Delete and Patch పక్కల ఫిల్లెట్‌లకి ఒక్క దెబ్బకి పడింది, ముక్కు వైపుది రాలేదు, మీరన్నట్టే. స్లాట్ కూడా అయిపోయింది, కానీ గొట్టం పొడిగించేటప్పుడు ఒక మూల దగ్గర ఎర్రర్ ఇచ్చింది, చూస్తే స్లాట్ మూల రౌండ్ ఫేస్ రెండు పీలికలుగా వచ్చింది, ఒకటి వెడల్పు 0.05 కూడా లేదు. ఆ పీలిక డిలీట్ చేసి, పక్క రౌండ్‌ని దాని చోటు మీదికి పొడిగించి ట్రిమ్ చేశాక పొడిగింపు పడింది.

మిగిలింది ముక్కు మాత్రమే. అక్కడ ఎర్ర ఫేస్ తీసేస్తే త్రికోణం ఖాళీ. Filled Surface లో అన్ని అంచులకీ టాంజెంట్ పెడితే వస్తోంది గానీ కొన దగ్గర ముడత.

రమ్య_రైనో

మూడంచుల ప్యాచ్ ఎప్పుడూ అంతే, నాలుగో వైపు ఒక పాయింట్‌లోకి కుంచించుకుపోతది, గీతలన్నీ అక్కడ కుప్ప పడతాయి. అసలు ఫైల్‌లో ఎర్రగా వచ్చింది కూడా ఆ పాయింట్ వల్లే అయ్యుంటది. ఖాళీని కొంచెం పెద్దది చేసుకో. పక్క ఫేస్‌ని ముక్కు నుంచి వెనక్కి కొంచెం కోసెయ్, అప్పుడు ఖాళీకి నాలుగు అంచులు వస్తాయి, Boundary Surface వేసుకో.

సూరిబాబు

రమ్య గారు చెప్పిందే నేను చెప్పబోయేది. కోత ఎంత వెనక్కంటే, చుట్టూ ఉన్న ఫేస్‌లు బాగున్న చోటు దాకా, మీ దాంట్లో 4, 5 ఎంఎం సరిపోవచ్చు. నాలుగంచులకీ `Tangency to face` పెట్టండి. ముందు మూలలు సరిగ్గా కలిశాయో లేదో చూసుకోండి, ఒక మూల 0.01 తేడా ఉన్నా బౌండరీ మొండికేస్తది.

అదయ్యాక అడుగున పార్టింగ్ దగ్గర Planar Surface వేసి మూసేసి, అప్పుడు నిట్, ఈసారి `Create solid` తో, టాలరెన్స్ చిన్నదే. సాలిడ్ రాకపోతే టాలరెన్స్ పెంచొద్దు, నీలం గీత ఎక్కడ మిగిలిందో వెతకండి, ఒక్కటే ఉంటది సాధారణంగా. వచ్చాక Check. తర్వాత షెల్ 2.5 ముందు, ఫిల్లెట్ తర్వాత. బయట R2, లోపల R0.5 విడిగా.

వెంకట్_టూల్‌రూమ్

లోపల గూడ R పెట్టకుంటే ఏమైతది? మేమైతే లోపల వదిలేస్తం.

లత_క్యామ్

లోపల పదును అంటే కోర్ మీద పదునైన అంచు, మెషినింగ్‌కి నాకేం ఇబ్బంది లేదు. పార్ట్‌కే ఇబ్బంది, ఆ మూల దగ్గర స్ట్రెస్ చేరి పగులుతది. మందం అంతటా ఒకేలా ఉండాలంటే లెక్క ప్రకారం బయటి R లోపలి R కన్నా 2.5 ఎక్కువ ఉండాలి, ఇక్కడ బయట 2 మాత్రమే ఉంది కాబట్టి మూల దగ్గర కొంచెం మందం అటూ ఇటూ తప్పదు. కస్టమర్‌ని అడిగి బయట R3 చేయించుకుంటే అందరికీ సుఖం.

ప్రదీప్_బాలానగర్

అప్‌డేట్. సాలిడ్ వచ్చింది, Check లో ఎర్రర్లు లేవు, మ్యాక్సిమమ్ ఎడ్జ్ గ్యాప్ ముక్కు ప్యాచ్ దగ్గర 0.003, మిగతా చోట్ల చెప్పుకోదగ్గది లేదు. షెల్ 2.5 పడింది!! ఫిల్లెట్‌లు కూడా పడ్డాయి. ముక్కు దగ్గర మారే రేడియస్‌ని వేరియబుల్ ఫిల్లెట్‌తో 2 నుంచి 3.2 వేశా.

కానీ ఒరిజినల్‌తో సెక్షన్ పెట్టి పోలిస్తే పక్కలంతా సరిగ్గా కూర్చుంది, ముక్కు దగ్గర మాత్రం మనది 0.15 లోపలికి ఉంది, ఒక వేలెడు పొడవున. 0.15 అంటే మౌల్డ్‌లో కనపడుతుందా? పీపీ ష్రింకేజే అంతకన్నా ఎక్కువ కదా, వదిలేయొచ్చా?

కిరణ్_పుణె

వదలొద్దు, కస్టమర్‌కి చెప్పకుండా అస్సలు వదలొద్దు. ష్రింకేజ్ మొత్తం పార్ట్‌కి వేస్తాం, ఇది ఒక చోట ఆకారమే మారడం, రెండూ ఒకటి కాదు. గ్లోసీ ఫినిష్ అయితే ట్యూబ్‌లైట్ నీడ అక్కడ విరిగినట్టు కనపడొచ్చు.

లత_క్యామ్

నేను ఒప్పుకోను. స్ప్రే గన్ కవర్ అది, కారు డ్యాష్‌బోర్డ్ కాదు. పైగా టెక్స్చర్ ఉంటే 0.15 నునుపు మార్పు ఎవరికీ కనపడదు. 0.15 అడుగులా పడితే సమస్య, నెమ్మదిగా కలిసిపోతే కాదు. ముందు డ్రాయింగ్‌లో ఫినిష్ ఏం రాశారో చూడు ప్రదీప్.

సూరిబాబు

ఆ 0.15 మీ తప్పు కాకపోవచ్చు కూడా, అసలు ఫైల్‌లోనే అక్కడ 0.07 గ్యాప్ ఉంది, అంటే ఒరిజినల్ ముక్కు ఆకారం ఏదో వాళ్ల ఫైలే సరిగ్గా చెప్పట్లేదు. మీరు దేనితో పోలుస్తున్నారు, రెండు అంచుల్లో ఏ అంచుతో? అటుదానితో పోలిస్తే ఒక లెక్క, ఇటుదానితో పోలిస్తే ఇంకో లెక్క. వేరియబుల్ ఫిల్లెట్‌లో మధ్యలో ఇంకో రెండు కంట్రోల్ పాయింట్లు పెట్టి, సెక్షన్‌లో కొలిచిన రేడియస్సే అక్కడ ఇచ్చి చూడండి, సగం తేడా తగ్గొచ్చు.

ప్రదీప్_బాలానగర్

కంట్రోల్ పాయింట్లు పెట్టా, 0.15 కాస్తా 0.06కి దిగింది, ఇంకా కిందికి రావట్లేదు. డ్రాయింగ్‌లో ఫినిష్ గురించి ఒక్క మాట లేదు. రెండు సెక్షన్‌ల స్క్రీన్‌షాట్లు, ఏ అంచు కరెక్టో చెప్పమని అడుగుతూ ఏజెంట్‌కి మెయిల్ కొట్టా, R3 సంగతి కూడా అందులోనే రాశా. అక్కడ ఇప్పుడు రాత్రి, రేపటికి గానీ తెలీదు.

ప్రింట్_నాని

అన్నా వాళ్లు జవాబు ఇచ్చేలోపు ఆ ముక్కు ఒక్కటి ఎస్‌టీఎల్ తీసి పంపు, రెండు రకాలూ ప్రింట్ చేసి పెడతా, చేత్తో పట్టుకుని చూడు.

లత_క్యామ్

0.2 లేయర్‌లో ప్రింట్ చేసి 0.06 తేడా ఎలా చూస్తావ్ నానీ? రెసిన్ మెషిన్ ఉంటే చెప్పు.